స్లాబు రాడ్ల దూరం తప్పితే ఎన్‌సీఆర్‌లో మూలకారణం ఏం రాయాలి?

ప్రశ్న: స్లాబు రాడ్లు 150కి బదులు 200 మి.మీ. దూరంలో కట్టేశారు, కాంక్రీటు ఇంకా వేయలేదు. పనిలో లోపాన్ని నమోదు చేసే రిపోర్టు అయిన ఎన్‌సీఆర్‌లో మూలకారణం ‘పనివాళ్ల నిర్లక్ష్యం’ అని రాస్తే కన్సల్టెంటు తిప్పి పంపారు. ఏం రాయాలండీ?

జవాబు: విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గర ఒక భవనం పనిలో నాణ్యత చూసేటప్పుడు నేను కూడా మొదట అదే మాట రాసి తిప్పించుకున్నాను.

అక్కడ 10 మి.మీ. రాడ్లు 150 మి.మీ.కి ఒకటి చొప్పున ఉండాలి. ఒక్క ఖాళీని కొలిచి చూపిస్తే ‘తొక్కుళ్లలో జరిగిందండీ’ అని మేస్త్రి తేల్చేస్తాడు కనుక, వరుసగా పది ఖాళీలను కలిపి టేపుతో కొలిచాను. 1500 రావలసిన చోట 1990 వచ్చింది. లోపం వివరణలో ఈ కొలత, ఏ గ్రిడ్ల మధ్య కొలిచారో, డ్రాయింగు నంబరు, రివిజన్, టేపు కనిపించే ఫోటో ఉంటే చాలు. అభిప్రాయాలు అక్కడ అనవసరం.

‘ఐఎస్ 456 ప్రకారం 300 వరకు ఉండవచ్చు కదా’ అని కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు వాదించారు. స్లాబు ప్రధాన రాడ్లకు ప్రభావ లోతుకు మూడు రెట్లు లేదా 300 మి.మీ., వీటిలో ఏది తక్కువైతే అది దాటకూడదని ఆ నియమం చెబుతుందే తప్ప, అంత దూరం పెడితే బలం సరిపోతుందని చెప్పదు. 150 దూరంలో మీటరు వెడల్పుకు 523 చ.మి.మీ. ఉక్కు పడుతుంది, 200 దూరంలో 393 మాత్రమే, అంటే నాలుగో వంతు తక్కువ. ఈ ఒక్క లెక్క రిపోర్టులో రాశాక వాదన ఆగింది.

మూలకారణం కోసం బార్ బెండర్‌ను ‘ఏ కాగితం చూసి కట్టావయ్యా?’ అని అడిగితే, సిమెంటు మరకలతో నాలుగు మడతలు పెట్టిన డ్రాయింగు తీసి చూపించాడు. అది పాత రివిజన్, అందులో 200 అనే ఉంది. కొత్తది ఆఫీసుకు వచ్చింది కానీ సైటులోని పాత ప్రతిని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, తీసుకోవాలన్న పద్ధతి కూడా లేదు. అసలు కారణం అదీ. పైగా మా తనిఖీ రాడ్లన్నీ కట్టేశాకే జరుగుతుండడం వల్ల తప్పు ఆలస్యంగా బయటపడింది. ఇది మా వైపు లోపమే అయినా రిపోర్టులో రాశాను.

అప్పటికప్పుడు చేసే దిద్దుబాటును, మళ్లీ జరగకుండా చేసే చర్యను వేర్వేరు గడుల్లో రాయండి. మా 6 మీటర్ల ప్యానెల్‌లో 31 రాడ్లున్నాయి, 41 కావాలి. అదనపు పదింటిని ఖాళీల మధ్య ఇరికిస్తే కొన్నిచోట్ల 100, మిగతా చోట్ల 200 అలాగే మిగిలిపోతాయి కనుక, బైండింగు వైరు విప్పించి, సెంట్రింగు మీద సుద్దతో గుర్తులు పెట్టించి, అన్నీ సర్దించాం. ఇది దిద్దుబాటు. పాత ప్రతులను సంతకంతో వెనక్కి తీసుకున్నాకే కొత్తవి ఇవ్వడం, మొదటి పది రాడ్లు కట్టగానే తనిఖీ చేయడం రెండోది. (కాంక్రీటు పడిపోయి ఉంటే నిర్ణయం డిజైనరుదే, మనది కాదు.)

రాడ్లు సర్దిన రోజునే ఎన్‌సీఆర్ మూసేయమని అడిగారు కానీ నేను ఒప్పుకోలేదు. తర్వాతి స్లాబులో పది ఖాళీలకు 1505 వచ్చి, డ్రాయింగుల రిజిస్టరులో బార్ బెండర్ సంతకం కనిపించాకే మూసివేత గడిలో సంతకం చేశాను.