మేడపై సోలార్: డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది?

నల్గొండలో మా ఇంటికి నెలకు 350 యూనిట్లు కాలుతుంది. సోలార్ పెట్టిస్తే ఎంతవుతుంది, ఎన్నేళ్లకు గిట్టుబాటు?

మీకు 3 కిలోవాట్లు చాలు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, అంటే నెలకు 350 పైనే. కొటేషన్ 1,98,000 అనుకుందాం. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోతే చేతి ఖర్చు 1,20,000.

ఆదాను సగటు రేటుతో కాక, శ్లాబుల వారీగా లెక్కించండి. 200 యూనిట్ల వరకు 5.10 చొప్పున 1,020, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, పై యాభైకి 9 చొప్పున 450. మొత్తం 2,240. ఏడాదికి దాదాపు 26,900. మబ్బు నెలలు, దుమ్ము తీసేసి 24,000 అనుకున్నా అయిదేళ్లు.

గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికి మాత్రం ఇది దండగే. మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోండి. ఒక్క పలక మీద పడినా ఆ వరుసంతా దిగుబడి తగ్గవచ్చు.