గల్లాలో చెయ్యి పెట్టింది ఎవరు?

"తిరుపతిలో మా ఆయన పెట్టిన టిఫిన్ సెంటర్ మూసేశాం మేడం. పొద్దున అంతా జనమే, చివరికి అప్పే మిగిలింది. గల్లాలో కూర్చున్న మా తమ్ముడే తినేశాడని ఆయన, వాడట్లాంటోడు కాదని నేను. వాణ్ణి ఇంటికి రానివ్వట్లేదు. ఏం చేయాలి?"

అమ్మా, మీ తమ్ముడు తీశాడో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ చిత్తూరు నుంచి ఒక జంట ఇదే గొడవతో వచ్చారు, అది వినండి. వాళ్లదీ టిఫిన్ సెంటరే, గల్లాలో బావమరిది. ఇంటికి రూపాయి తీసుకోకపోయినా నెలాఖరికి 12,000 తక్కువొచ్చేది, చీటీ డబ్బుల్లోంచి భర్త వేసేవాడు. ఇంత జనం వస్తుంటే డబ్బు ఎటు పోతోందని చెప్పకుండా కెమెరా పెట్టించాడు. ఓ రాత్రి ఫోన్లో చూస్తే, షట్టర్ సగం దించాక ఆ పిల్లోడు అటూ ఇటూ చూసి గల్లా తెరిచి చెయ్యి పెట్టాడు. అంతే, ఆ ముక్క కట్ చేసి బంధువుల గ్రూపులో పెట్టేశాడు. పిల్లోడు ఊరొదిలి పోయాడు, కొన్నాళ్లకి షాపూ మూతపడింది, భార్య పుట్టింటికి పోతానని కూర్చుంది.

నేను వీడియో అడగలేదు, లెక్క అడిగా. ప్లేటు సగటున 30 రూపాయలు. పిండి, నూనె, సాంబారు, చెనిక్కాయల చట్నీ కలిపి 14 పోతే 16 మిగుల్తుంది, ఆయన దాన్నే లాభం అనుకున్నాడు. కానీ రోజుకి బాడుగ 600, మాస్టరుకీ హెల్పరుకీ 1,300, గ్యాస్ 900, కరెంటూ నీళ్లూ 200, మొత్తం 3,000. అంటే 188 ప్లేట్లు అమ్మితేగానీ అసలు రాదు. అమ్మింది సుమారు 150. ఎనిమిది నుంచి పది దాకా ఉండే రద్దీ చూసి రోజంతా అట్లాగే అనుకున్నాడు పాపం.

మీరూ గొడవ ఆపి మొదట ఇదే చేయండి. సరుకు బిల్లులు, యూపీఐ స్టేట్‌మెంట్, బాడుగ, కూలి అన్నీ ముందేసుకుని మీ ఆయనా మీరూ కలిసి రాయండి. ఇంటి పాలకీ పిల్లల ఫీజుకీ గల్లాలోంచి తీసింది కూడా రాయండి, చాలామంది మర్చిపోయేది అదే. అది తేలేదాకా తమ్ముణ్ణి ఒక్క మాట అనొద్దని ఆయనకి గట్టిగా చెప్పండి.

ఇక వాళ్ల లెక్కకొస్తే, 150 ప్లేట్లకి రోజుకి 600 నష్టం, నెలకి 18,000. ఆయనకి తక్కువొచ్చింది 12,000 మాత్రమే. దొంగతనం జరిగితే లోటు పెరగాలి కదా, 6,000 తగ్గిందేంటి? అప్పుడు కట్ చేయని వీడియో మొత్తం చూశాం. గల్లా తెరిచేముందు ఆ పిల్లోడు తన జేబులోంచి రెండు వంద నోట్లు తీశాడు, తెరిచి అవే లోపల పెట్టాడు. సాయంత్రం పార్సిళ్లు డెలివరీ చేసి తెచ్చుకున్న డబ్బంట, షాపు మూతపడితే అక్క బాధపడుతుందని రోజూ వేసేవాడంట.

అదే గ్రూపులో మొత్తం వీడియో పెట్టి అందరి ముందూ క్షమాపణ అడగమన్నా. ఆయన అడిగాడు. ఆ పిల్లోడు అక్కతో మాట్లాడుతున్నాడు, బావతో మాత్రం ఇంకా లేదు.