టైపింగ్ అడిగే ముందు, రాత ఎక్కడ ఆగుతోందో చూడండి

"మా బాబుకి పన్నెండేళ్లు. ఏదైనా అడిగితే గంటసేపు చక్కగా చెప్తాడు. రాయమంటే మూడు లైన్లు, అవీ తప్పులతో. బద్ధకం అంటున్నారు. ఇది నిజంగా సమస్యేనా? పరీక్ష ఎలా చేస్తారు? టైప్ చేయనివ్వమని బడిలో అడగొచ్చా?"

అడగొచ్చండి, అడగాలి కూడా. కాకపోతే అడిగే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మేం అది చేయకుండా ల్యాప్‌టాప్ చేతికిచ్చేసి ఆర్నెల్లు పోగొట్టుకున్నాం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా అమ్మాయికి అప్పుడే పన్నెండు నిండాయి. సైన్సులో వేడికి వస్తువులు వ్యాకోచించే పాఠం నడుస్తోంది. వంతెన మీద పలకల మధ్య సందు ఎందుకు వదుల్తారో ఆ సాయంత్రం నాకు చెప్పింది. ఎండకి పలకలు సాగుతాయట, సందు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేచిపోతాయట. రెండు అరచేతులూ పలకల్లా బల్ల మీద పెట్టి, వేళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూర్చి చూపించింది. పాత రైలు పట్టాల మధ్య ఖాళీ సంగతీ తనే ఎత్తింది. "ఇప్పుడు చెప్పిందే రాసెయ్యి" అన్నాను.

ముప్పావుగంట తర్వాత వెళ్లి చూస్తే నోట్సులో ఉన్నది ఇదే: "వంతెనకి సందు ఉంటుంది. వేడికి." ఆ 'సందు' కూడా రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాసింది. పెన్ను ఎంత నొక్కి పట్టిందంటే కాగితం తిప్పితే వెనకవైపు అక్షరాలు వేలికి తగులుతున్నాయి. "ఇంతేనా?" అన్నాను. "సందు అని రాసేలోపు మిగతాదంతా ఎటో పోయిందమ్మా" అంది.

ఆ మాట నాకు అప్పుడు సాకులా వినిపించింది. తర్వాత తెలిసింది, పిల్ల జరిగింది జరిగినట్టు చెప్పిందని. రాసేటప్పుడు ఒకేసారి నాలుగు పనులు జరగాలి: అక్షరం గీయడం, స్పెల్లింగ్ గుర్తు తెచ్చుకోవడం, వాక్యం కట్టడం, తర్వాత ఏం చెప్పాలో మనసులో పట్టి ఉంచడం. మొదటి రెండూ మనకి ఆలోచన లేకుండా జరిగిపోతాయి. ఈ పిల్లలకి అలా జరగవు. అక్షరానికీ స్పెల్లింగ్‌కీ బుర్రంతా ఖర్చయిపోతుంది, పట్టి ఉంచాల్సిన ఆలోచన జారిపోతుంది. నోటితో చెప్పేటప్పుడు ఆ రెండు పనులూ లేవు కాబట్టి మాట ధారగా వస్తుంది. బద్ధకం అని తేల్చేసేవాళ్లు ఈ ఒక్క తేడా గమనిస్తే చాలు. బద్ధకస్తుడైతే నోటితో చెప్పడానికీ బద్ధకిస్తాడు కదా!

ఇక్కడే నా కోపం ఒకటి చెప్పేస్తాను. మా అమ్మాయి అప్పటి బడిలో దీనికి మందుగా ప్రతి జవాబూ పదిసార్లు చూసి రాయమన్నారు. చూసి రాయడంలో ఆలోచన కట్టే పనే లేదు. పిల్ల చెయ్యి నొప్పి పుట్టించుకుని, అవే తప్పు ఒంపులతో అవే అక్షరాలు పదిసార్లు గీసింది. రాత మీద అసహ్యం పెరిగింది తప్ప ఒక్క వాక్యం కూడా పొడుగు కాలేదు.

ఇక పరీక్ష సంగతి. మేం ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ దగ్గరికి రెండు ఉదయాలు వెళ్లాం. ఆవిడ ముందు కళ్ల పరీక్ష అయిందా అని అడిగారు, తర్వాత రెండేళ్ల పాత నోట్సులు తెమ్మన్నారు. అసలు పని రెండో రోజు. ఒకే వాక్యాన్ని రెండు నిమిషాలు అందంగా, మళ్లీ రెండు నిమిషాలు వేగంగా రాయించారు. అక్షరమాలను చూడకుండా వరుసగా ఒక నిమిషం రాయించారు. తర్వాత ఒక అంశం ఇచ్చి పది నిమిషాలు సొంతంగా రాయమన్నారు. అలాంటిదే ఇంకో అంశం మీద నోటితో చెప్పించి రికార్డు చేశారు. మూడో అంశం మీద టైప్ చేయించారు. ఒకే అంశం మూడుసార్లు ఇస్తే పిల్లలు మొదటిసారి అనుకున్నదే మళ్లీ చెప్తారు, అందుకే వేర్వేరు అంశాలట.

మా అమ్మాయి అందంగా చూసి రాస్తే నిమిషానికి 11 మాటలు, వేగంగా అయితే 13. అంటే తొందరపెట్టినా వేగం పెద్దగా మారలేదు, అక్షరాలు మాత్రం విరిగిపోయాయి. అక్షరమాల రాస్తూ మూడుచోట్ల ఆగింది. సొంతంగా రాసినప్పుడు పది నిమిషాల్లో 58 మాటలు. నోటితో నాలుగు నిమిషాల్లో 310, అదీ మొదలూ ముగింపూ ఉన్న కథనం. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆవిడ ఇంకో సంగతి చూపించారు. నోటితో 'విశాలమైన', 'అకస్మాత్తుగా' అన్న పిల్ల కాగితం మీద 'పెద్ద', 'తర్వాత' అని రాసింది. స్పెల్లింగ్ రాని మాటల్ని తప్పించి, వచ్చిన మాటలకే తన ఆలోచనని కుదించుకుంటోంది. తప్పులు మాత్రమే లెక్కపెట్టే టీచరుకి ఇది ఎప్పటికీ కనపడదు.

టైపింగ్ లెక్క చూసి నాకు నోట మాట రాలేదు. పది నిమిషాల్లో 41 మాటలు, చేతిరాత కన్నా తక్కువ. అప్పటికి ల్యాప్‌టాప్ ఇచ్చి ఆర్నెల్లయింది. రెండు వేళ్లతో ఒక్కో కీ వెతుక్కుంటూ కొట్టేది. అక్షరం గీసే భారం పోయి, అక్షరం వెతికే భారం వచ్చింది. బుర్రకి ఖాళీ మాత్రం దొరకలేదు.

మీకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. కీబోర్డు చేతిరాత వేగాన్ని దాటేదాకా టైపింగ్ సాయం కాదు, ఇంకో బరువు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే నిరాశపడి "టైపింగ్ కూడా ఇచ్చి చూశాం, లాభం లేదు" అనేస్తారు.

మేం సైన్సు, సోషల్ జవాబులు టైప్ చేయించడం పూర్తిగా ఆపేశాం. రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఉత్త కీబోర్డు సాధన. ఎఫ్, జె కీల మీద చిన్న గుబ్బలుంటాయి కదా, చూపుడువేళ్లు అక్కడ ఆనించి, కిందకి చూడకుండా. మొదటి మూడు వారాలు ఆ పాత రెండువేళ్ల వేగం కూడా పడిపోయి, "నాకు అలాగే బాగుండేది" అని గొడవపెట్టింది. రెండు వారాలకోసారి ఒకే పొడుగున్న పేరా ఒకటి చేత్తో, ఒకటి కీబోర్డుతో చూసి రాయించి నిమిషానికి ఎన్ని మాటలో రాసి పెట్టేదాన్ని. పదో వారానికి రెండూ సమానమయ్యాయి. నాలుగో నెల చివర్లో కీబోర్డు 22కి వచ్చింది. అప్పుడు మళ్లీ సొంతంగా పది నిమిషాలు టైప్ చేయిస్తే 139 మాటలు. వాటిలో 'అకస్మాత్తుగా' ఉంది, తప్పు స్పెల్లింగ్‌తోనే అయినా ఉంది.

అందరికీ ఇదే పనిచేయదు. మా చెల్లెలి కొడుక్కి చేతిరాత ఫర్వాలేదు, టైపింగ్ ఇంకా వేగం. కానీ నోటితో చెప్పినా కథ మధ్యలో మొదలై ఎటో వెళ్లిపోతుంది. వాడి ఇబ్బంది ఆలోచనని వరుసలో పెట్టడం. కీబోర్డు ఇస్తే ఆ గందరగోళమే రెండు పేజీలైంది. వాడికి పనికొచ్చింది రాసే ముందు చిన్న చీటీల మీద ఒక్కో విషయం రెండు మూడు మాటల్లో రాసి, బల్ల మీద వరుస మార్చుకుంటూ పేర్చుకోవడం. అందుకే నోటితో చెప్పించే భాగం లేని పరీక్షని నేను నమ్మను.

రిపోర్టు చేతికొచ్చాక జాగ్రత్తగా చదవండి. మానసిక నిపుణులు రోగ నిర్ధారణకి చూసే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం రాతలో భావవ్యక్తీకరణ లోపం అంటే స్పెల్లింగ్, వ్యాకరణం-విరామచిహ్నాలు, స్పష్టత-అమరిక, ఈ మూడిట్లో ఏ ఒక్కదాంట్లోనైనా ఇబ్బంది. ప్రత్యేకంగా సాయం చేసినా కనీసం ఆర్నెల్లు అది పోకుండా ఉండాలి. చేతిరాత వేగం ఆ జాబితాలో లేదు. అందువల్ల పేరు రాసి వదిలేసిన రిపోర్టు కన్నా, వేగం అంకెలూ మూడు రకాల నమూనాలూ ఉన్న రిపోర్టే బడిలో పనికొస్తుంది. టీచర్లు ముందు అంకెలనే చూస్తారు.

బడిలో మేం అడిగినవి కొన్నే. మూడు నాలుగు లైన్లు మించిన జవాబులు టైప్ చేయనివ్వాలి. బోర్డు మీది నోట్సు కాపీ ఇవ్వాలి. సైన్సు, సోషల్‌లో స్పెల్లింగ్‌కి మార్కులు తీయకూడదు, భాష పేపర్లో మాత్రం ఎప్పటిలాగే దిద్దాలి. అదనపు టైమ్ ఒక్కటే అంతకుముందు ఏడాది ఇచ్చి చూశారు, చెయ్యి నొప్పి పుట్టే పిల్లకి ఇంకో అరగంట నొప్పి అయింది తప్ప జవాబు పెరగలేదు.

"మిగతా పిల్లలకి అన్యాయం కాదా?" అని ఒక టీచరు అడిగారు. వంతెన సందు ఎందుకుంటుందో తెలుసా లేదా అన్నది ప్రశ్న అయితే, దాన్ని పెన్నుతో చెప్పిందా కీబోర్డుతో చెప్పిందా అన్నదానికి మార్కులెందుకు తగ్గాలి? అన్యాయం అప్పటికే జరుగుతోంది. ఒకే వ్యాసాన్ని మంచి దస్తూరీతో ఒకసారి, చదవడానికి కష్టంగా ఒకసారి రాసి దిద్దించిన ప్రయోగాలున్నాయి. గజిబిజి రాతకి తక్కువ మార్కులే పడ్డాయి. విషయం ఒక్కటే అయినా సరే.

నోటితో చెప్తే ఫోను రాసిపెట్టే పద్ధతీ వాడాం. మొదటి చిత్తుప్రతికి బాగుంటుంది. కానీ నిశ్శబ్దంగా ఉన్న గది కావాలి, ఎక్కడ వాక్యం ఆగిందో తర్వాత కూర్చుని దిద్దుకోవాలి. తరగతిలో కుదరలేదు. స్పెల్‌చెక్ కూడా మరీ నమ్మకండి. తప్పు రాసిన మాట ఇంకో సరైన మాట అయిపోతే దాన్ని చాలాసార్లు పట్టుకోదు.

సైకాలజిస్ట్ దగ్గర పరీక్షకి టైమ్ దొరికేలోపు మీరు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. మూడు వేర్వేరు రోజుల్లో, ఒకే స్థాయి అంశాలు మూడు. ఒకటి పది నిమిషాలు చేత్తో, ఒకటి పది నిమిషాలు టైపింగ్, ఒకటి నోటితో, ఫోనులో రికార్డు చేసి మీరే కాగితం మీద ఎక్కించండి. మాటలు లెక్కపెట్టి తేదీ వేయండి, తప్పులు దిద్దకండి. ఇది రోగ నిర్ధారణ కాదు, అయినా ఆ మూడు కాగితాలూ తీసుకెళ్తే బడిలో మాట వినేతీరు మారుతుంది. మాకు మారింది.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేను. పెద్ద జవాబులన్నీ కీబోర్డు మీదే. లెక్కలు మాత్రం చేత్తోనే చేస్తుంది, గళ్ల కాగితం మీద, గడికో అంకె చొప్పున.