బనారస్ చీరకు కత్తెర పెట్టే ముందు ఒకసారి తిరగేసి చూడండి

"పెళ్లికి పెట్టిన బనారస్ పట్టుచీర వెనుకంతా దారాలు వేలాడుతున్నాయి. గాజులకూ మెట్టెలకూ తగులుకుంటున్నాయి. కత్తిరించేయవచ్చా? నెయ్యి మరక కూడా పడింది, ఇంట్లో ఉతకవచ్చా?"

కత్తెర పక్కన పెట్టండి, బకెట్టు కూడా. ముందు మా చెల్లెలి పెళ్లిలో జరిగింది వినండి.

తలంబ్రాలు అయ్యాక ఫొటోలకు నిలబడ్డారు. పెళ్లికొడుకు మేనత్త గాజులోని రాయి చెల్లెలి కొంగు మీది బుటాను పట్టుకుంది. ఆవిడ చూసుకోకుండా చెయ్యి లాగేసరికి జరీ పోగు అంగుళానికి పైగా ఉచ్చులా లేచింది. బుటా అటూ ఇటూ ముడుచుకుపోయి, దారం పోయిన మేరంతా సన్నటి గీత కనబడింది. అర నిమిషంలో ఇద్దరు ముగ్గురు "కత్తిరించేస్తే సరి" అన్నారు. ఫొటోగ్రాఫరు అయితే జేబులోంచి చిన్న కత్తెర తీసి చూపించాడు కూడా. పెళ్లిళ్లలో అడగకుండా దొరికే వస్తువు కత్తెర ఒక్కటే.

మా పిన్నికి ఫాల్, పికో కుట్టే దుకాణం ఉంది. ఆవిడ ఎవరినీ చీర ముట్టుకోనివ్వలేదు. "ఆ పోగు కోస్తే రెండు కొసలూ లోపలికి జారిపోతాయి, రేపటికి బుటాలో సగం పువ్వు ఊడిపోతుంది" అంది. పెళ్లికూతురి గదిలో ట్యూబ్‌లైటు కింద కూర్చుని, మొన మొద్దుగా ఉన్న సూది తీసుకుంది. లేచిన ఉచ్చును అసలు లాగలేదు. ఆ దారం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే తిరిగి పంపింది. ఉచ్చు పక్కనే ముడుచుకున్న చిన్న మెలికను సూది మొనతో కొంచెం పైకెత్తితే, ఉచ్చులోని దారం కాస్త అందులోకి పోతుంది. తరువాత దాని పక్కది, ఆ తరువాత ఇంకో పక్కది. సగం ఎడమకు, సగం కుడికి. మధ్యమధ్యలో రెండు అరచేతులతో బట్టను అడ్డంగా మెల్లగా సాగదీసేది. చివరకు బియ్యపు గింజంత ఉచ్చు మిగిలింది. సూదిలో మడత దారం ఎక్కించి, వెనుకనుంచి ఆ ఉచ్చు పక్కగా పైకి తీసి, దారపు మడతలో ఉచ్చును పట్టుకుని వెనక్కి దింపేసింది. ముడి వేయలేదు.

పూర్తిగా మునుపటిలా అయిందని చెప్పను. జరీ అంటే పోగు చుట్టూ చుట్టిన సన్నటి లోహపు రేకు. గాజు పట్టి లాగిన చోట ఆ చుట్టు విడిపోయి లోపలి పోగు బయటపడింది. దానికి ఏ సూదీ మందు కాదు. కానీ మూరెడు దూరం నుంచి ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేరు.

ఇంతకీ దారాలు అలా ఎందుకు లేస్తాయంటే, ఆ చీరలో రెండు నేతలు ఉన్నాయి కాబట్టి. అడుగు బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి. బుటా కోసం దానిపైన ఇంకో పేక నడుస్తుంది. అది నాలుగైదు పడుగు పోగులను ఒక్కసారే దాటుకుంటూ పైపైన పోతుంది కనుకనే బుటా ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది, మెరుస్తుంది కూడా. కట్టు లేకుండా ఎంత దూరం దాటితే అంత మెరుపు, అంత ప్రమాదం. ఏ పడుగు పోగు లేవాలో మగ్గం మీది జకార్డు అట్టల్లోని రంధ్రాలు చెబుతాయి. బుటాకీ బుటాకీ మధ్య ఆ అదనపు దారం ఏమవుతుందన్నదే అసలు సంగతి.

బనారస్‌లో దీనికి రెండు పద్ధతులు. ఫేక్వాలో ఆ అదనపు దారాన్ని మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతుంది. బుటా లేని చోట దారం వెనుక వేలాడుతూ ఉంటుంది. నేత అయ్యాక ఆ వేలాడే దారాలను కత్తిరిస్తే దాన్నే కట్‌వర్క్ అంటారు. కఢువాలో ఒక్కో బుటాకు ఒక్కో చిన్న కండె పెట్టి ఎక్కడికక్కడే నేస్తారు, బుటాల మధ్య వెనుక ఏమీ ఉండదు. నెమ్మదైన పని కాబట్టే ధర ఎక్కువ. మన ఉప్పాడ జాందానీ కూడా ఎక్కడికక్కడ చేత్తో పోగు వేసే పనే. అందుకే వెనుక వైపు కూడా దాదాపు ముందు వైపులాగే ఉంటుంది.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. చీర తిరగేసి చూపించమంటే దుకాణాల్లో కొందరు మొహం చిట్లిస్తారు. ఫోనులో వీడియోలు పెట్టి అమ్మేవాళ్లు వంద చీరలు చూపిస్తారు, ఒక్కదాని వెనుక చూపించరు. నన్నడిగితే చీర ధర దాని వెనుక వైపే రాసి ఉంటుంది.

మీ చీర ఫేక్వా, వేలాడే దారాలు కత్తిరించకుండా వదిలేశారని మీ మాటలను బట్టి తోస్తోంది. అయినా మీరు కత్తిరించవద్దు. మొదట్లోనే కత్తిరించిన చీరల్లో కూడా నేత పలచనైతే బుటా అంచున కొసలు జారి వస్తుంటాయి. అదే ఇంట్లో కోస్తే ఎంత వదలాలో తెలియక మొదలంటా కోస్తాం. దానికి బదులు కొంగు వెనుకా, కాళ్లకు తగిలే కుచ్చిళ్ల భాగానికీ మెత్తటి నెట్ వేయించండి. ఫాల్ కుట్టేవాళ్లే వేస్తారు. గరుకు నెట్ వద్దు, అదే దారాలను పట్టి లాగుతుంది. కుట్టు కూడా అడుగు బట్ట మీద పడాలి, బుటా మీద కాదు. ముందు వైపు బుటాలోంచే ఉచ్చు లేస్తే మాత్రం పైన చెప్పిన సూది పద్ధతే.

నెయ్యి మరక సంగతి. నీళ్లు తగలనివ్వకండి, పట్టు మీద ఆ నీటి చుట్టే ఇంకో మరక అవుతుంది. కింద పాత నూలు బట్ట పరిచి, మరక మీద సువాసన లేని పౌడరు మందంగా చల్లి, రాత్రంతా వదిలేసి పొద్దున దులపండి. రుద్దకండి, బ్రష్ పెట్టకండి. ఇంకా మిగిలితే డ్రైక్లీనింగే. ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో, దేనిదో చెప్పండి. లోపలి వైపు బయటకు తిప్పి, జాలీ సంచిలో వేయమని కూడా అడగండి.

ఇంట్లో ఉతకడం దేనికి వద్దంటున్నానంటే, తడిస్తే పట్టు ముడుచుకుంటుంది, లోహపు జరీ ముడుచుకోదు. ఆరాక బుటాల చుట్టూ బట్ట కుచ్చులు పడుతుంది. మరకలు తినే ఎంజైములున్న పౌడర్లయితే మరీ ప్రమాదం. ఆ ఎంజైములు మాంసకృత్తులను కరిగించేవి, పట్టు కూడా మాంసకృత్తే.

ఇస్త్రీకి మందపాటి తువ్వాలు పరిచి, చీర ముఖం దాని మీదకు వచ్చేలా వేసి, వెనుకనుంచి పలచటి నూలు గుడ్డ కప్పి తక్కువ వేడిలో ఒత్తండి. బుటా ఉబ్బు తువ్వాలులోకి దిగుతుంది కాబట్టి అణగదు. అయితే పెట్టెను జరపకండి, ఎత్తి ఎత్తి పెట్టండి. జరిపితే దాని మూల వేలాడే దారాలనే ముందు పట్టుకుంటుంది.