సాఫ్ట్‌వేర్‌లో 59 లక్షలు, ట్యాలీలో 36 లక్షలు: నా ఇన్సెంటివ్ దేని మీద?

ప్రశ్న: విజయవాడలో వాటర్ ప్యూరిఫయర్లు అమ్మే సంస్థలో సేల్స్ మేనేజర్ని. జనవరి-మార్చి అమ్మకాలు మా సేల్స్ సాఫ్ట్‌వేర్‌లో 59 లక్షలు అని ఉంది. మా అనలిస్ట్ మాత్రం రెవెన్యూ 36 లక్షలే, తేడా జీఎస్టీ వల్ల, టైమింగ్ వల్ల వచ్చింది, ట్యాలీ అంకెనే తీసుకోండి అని మెయిల్ పెట్టింది. నాకు రెవెన్యూ మీద 2 శాతం ఇన్సెంటివ్. అది చూసుకునే కారు లోన్‌కి వెళ్దామనుకున్నాను. ఏది నమ్మాలి? మెయిల్, షీట్లు జత చేస్తున్నాను.

జవాబు: 36 లక్షలే నమ్మండి. మీ అనలిస్ట్ చెప్పిన అంకె సరైనదే, కానీ ఆ మెయిల్ మాత్రం సగంలో ఆగిపోయింది. 23 లక్షల తేడాని రెండు మాటల్లో తేల్చేస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, మీకు వచ్చిందంటే తప్పేం లేదు. షీట్లు ముందు పెట్టుకుని వరసగా లెక్క వేశాను.

ముందుగా, 59 లక్షలంటే కస్టమర్ కట్టే మొత్తం, అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. 1.18తో భాగిస్తే 50 లక్షలు వస్తుంది. మిగిలిన 9 లక్షలు ప్రభుత్వానివి, మీ సంస్థ వాటిని వసూలు చేసి కడుతుంది అంతే. ఇక్కడ చాలామంది 59లో 18 శాతం లెక్కేసి జీఎస్టీ 10.62 లక్షలు అంటారు, అది తప్పు. పన్ను అసలు ధర మీద వేస్తారు, పన్నుతో కలిపిన మొత్తం మీద కాదు.

ఆ 50 లక్షల్లో మెషీన్లు 26 లక్షలు, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు, అంటే ఏఎంసీలు, 24 లక్షలు. మెషీన్ల సంగతి తేలికే. 2 లక్షల ఆర్డర్లు క్యాన్సిల్ అయ్యాయి, మీ సాఫ్ట్‌వేర్ స్టేటస్ మార్చింది గాని టోటల్‌లోంచి తీయలేదు. ఇంకో లక్షన్నర మార్చి చివరి రెండు రోజుల్లో బుక్ అయి ఏప్రిల్‌లో డెలివరీ అయ్యాయి, బిల్లు కూడా అప్పుడే పడింది. మిగిలింది 22.5 లక్షలు.

అసలు తేడా ఏఎంసీలో ఉంది. ఒక్క కస్టమర్‌ని తీసుకోండి. మార్చి 1న మొదలయ్యే ఏఎంసీకి 4,720 రూపాయలు కట్టాడు, జీఎస్టీ పోగా 4,000. మార్చి 31కి మీరు అతనికి ఒక్క నెల సర్వీసే ఇచ్చారు, కాబట్టి అప్పటికి రెవెన్యూ 333 రూపాయలు. మిగతా 3,667 బ్యాంకులో ఉన్నా ఇంకా సంపాదించినట్టు కాదు, పుస్తకాల్లో అది అప్పు వైపు కూర్చుంటుంది, ఎందుకంటే ఇంకా 11 నెలలు టెక్నీషియన్‌ని పంపాలి, ఫిల్టర్లు మార్చాలి, మధ్యలో అతను వద్దంటే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కివ్వాల్సి రావచ్చు. ఏడాది పొడవునా నడిచే సర్వీసుని పూర్తయిన మేరకు రాసుకోవడం అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 9 పద్ధతే, మీ అనలిస్ట్ సొంతంగా కల్పించింది కాదు. మీకు నెలకి 8 లక్షల చొప్పున ఏఎంసీలు వచ్చాయి, అన్నీ ఒకటో తేదీ నుంచే మొదలు. జనవరివి మూడు నెలలు నడిచాయి, ఫిబ్రవరివి రెండు, మార్చివి ఒకటి. ఆ లెక్కన 2 లక్షలు, 1.33 లక్షలు, 0.67 లక్షలు, మొత్తం 4 లక్షలు. మిగతా 20 లక్షలు రాబోయే నెలలవి.

మెయిల్‌లో అస్సలు లేని ముక్క ఒకటుంది. పాత ఏఎంసీల్లో ఈ మూడు నెలల వంతు 9.5 లక్షలు ఇప్పుడు రెవెన్యూలోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కి ఇది కనపడదు, ఎందుకంటే ఆ ఆర్డర్లు ఎప్పుడో నిరుడు పడ్డవి. నాకైతే తేడాని వివరించే మెయిల్‌లో అన్నీ తీసివేతలే ఉండి ఒక్క కలుపు కూడా లేకపోతే వెంటనే అనుమానం వస్తుంది. 22.5, 4, 9.5 కలిపితే 36 లక్షలు, రూపాయి మిగలకుండా సరిపోయింది.

సరిపోయినంత మాత్రాన ఆగిపోకండి, ఎందుకంటే రెండు అంకెలూ ఒకే ఆఫీసులో పుట్టినవే. అమ్మకాల బిల్లులు చూపిస్తూ మీ సంస్థ వేసే జీఎస్టీ రిటర్న్, జీఎస్టీఆర్-1 తెరిపించి మూడో అంకె చూడండి. ఏఎంసీకి బిల్లు మొత్తం ఒకేసారి వేస్తారు కాబట్టి అందులో పూర్తి 24 లక్షలూ ఉంటుంది, మెషీన్లతో కలిపి 46.5 లక్షలు ఉండాలి. మీరు పంపిన కాపీలో అంతే ఉంది. అంటే రిటర్న్‌కీ ట్యాలీకీ మధ్య 10.5 లక్షల తేడా. బ్యాలెన్స్ షీట్‌లో ముందుగా వసూలైన ఏఎంసీ డబ్బు డిసెంబర్ చివర 17.5 లక్షలు, మార్చి చివర 28 లక్షలు, పెరుగుదల సరిగ్గా 10.5. నాకు నమ్మకం కుదిరింది ఇక్కడ. ఈ రెండూ కలవకపోయి ఉంటే, త్రైమాసికం చివర ఏఎంసీని విడదీసే జర్నల్ ఎంట్రీ వేయడం మర్చిపోయారని మొదట అనుమానించేవాణ్ణి, అప్పుడు ట్యాలీ అంకె కూడా నమ్మకూడదు.

మీ అనలిస్ట్‌ని ఈసారి మెయిల్ ఇలా పెట్టమనండి:

"సర్, ఈ త్రైమాసికం రెవెన్యూ 36 లక్షలు. సాఫ్ట్‌వేర్ 59 లక్షల్లోంచి జీఎస్టీ 9, క్యాన్సిల్ అయినవి 2, ఏప్రిల్ డెలివరీలు 1.5, ఇంకా సర్వీసు ఇవ్వని ఏఎంసీ 20 తీసేసి, పాత ఏఎంసీల వంతు 9.5 కలిపాను. తేలని తేడా లేదు. క్రెడిట్ నోట్ల లిస్టు, ఏప్రిల్ డెలివరీ చలాన్లు, ఏఎంసీ తేదీల షీట్ జత చేశాను."

అలాగని సాఫ్ట్‌వేర్ అంకెని పారేయకండి. వచ్చే నెలల్లో ఎంతమంది టెక్నీషియన్లు కావాలో చెప్పేది అదే. కానీ రెవెన్యూ అంటే ఎంత అని ఓనర్ అడిగినా, బ్యాంకు అడిగినా చూపించాల్సింది 36.

ఇక మీ జేబు సంగతి. 59 మీద 1,18,000 అనుకున్నారు, 36 మీద వచ్చేది 72,000. జీఎస్టీ మీద లెక్కేసుకున్న 18,000, క్యాన్సిల్ అయిన వాటి మీద 4,000 ఎప్పటికీ రావు. ఏప్రిల్ డెలివరీల 3,000 వచ్చే త్రైమాసికంలో వస్తుంది. ఏఎంసీ తాలూకు 40,000 పోలేదు, ఆలస్యమవుతుందంతే: వచ్చే మూడు త్రైమాసికాల్లో 12,000 చొప్పున, ఆ తర్వాత 4,000. మధ్యలో ఏఎంసీలు రద్దయితే ఆ మేరకు తగ్గుతుంది. పాత ఏఎంసీల మీద 19,000 ఇప్పుడే వచ్చేసింది, అది ఈ 72,000లోనే ఉంది.

ఒక్కసారి మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. అందులో "రెవెన్యూ" అని ఉంటే పైన చెప్పిందే లెక్క. "ఆర్డర్ బుకింగ్" అని ఉంటే కథ మారుతుంది, అప్పుడు జీఎస్టీ, క్యాన్సిల్ అయినవి పోగా 48 లక్షల మీద 96,000 అడగడం న్యాయం. ఏదీ స్పష్టంగా లేకపోతే ఈ క్వార్టర్ డబ్బు తీసుకునే ముందే ఓనర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తేల్చుకోండి, మీరు మానేసి వెళ్తే అప్పటికింకా చేతికి రాని ఏఎంసీ ఇన్సెంటివ్ ఏమవుతుందో కూడా అందులోనే రాయించుకోండి.

కారు ఈఎంఐ మాత్రం నెల జీతంలోంచి కట్టగలిగినంతే పెట్టుకోండి, ఇన్సెంటివ్‌ని అందులో కలపొద్దు. ఈ 72,000లో టీడీఎస్ కూడా కోయొచ్చు. చేతికొచ్చింది డౌన్ పేమెంట్‌కి వాడుకుంటే లోన్ ఆ మేరకు తగ్గుతుంది.