నాన్నగారి పెన్షన్ అమ్మ పేరుకు మార్చాలని సబ్ ట్రెజరీకి లేఖ ఎలా రాయాలి?

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచరు, 74 ఏళ్లు, పోయిన నెల చనిపోయారు. పెన్షన్ అమ్మ పేరుకు మార్చమని సబ్ ట్రెజరీకి లేఖ ఎలా రాయాలి? పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీవోలో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆయనకొచ్చే మొత్తం అంతా అమ్మకు వస్తుందా?

జవాబు: మా అమ్మ విషయంలో ఈ పని దగ్గరుండి చేయించాను కాబట్టి రాస్తున్నాను. ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నాన్నగారు రిటైరైనప్పుడు ఇచ్చిన పీపీవోలోనే భార్య పేరు, ఆమెకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ రాసి ఉంటాయి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో కూడా ఉంటుంది. అంటే మంజూరు ఎప్పుడో అయిపోయింది. ఆయన ఫలానా రోజున చనిపోయారని, పీపీవోలో ఉన్న భార్య ఈవిడేనని చెబితే లేఖ పని అయిపోతుంది. అందుకే లేఖలో బతిమాలడాలు, కుటుంబ కష్టాలు అక్కర్లేదు. మేం ఇచ్చినది దాదాపు ఇలా ఉంది:

> సబ్ ట్రెజరీ అధికారి గారికి,
>
> విషయం: పీపీవో నం. …… – పెన్షనరు మరణం – ఫ్యామిలీ పెన్షన్ చెల్లింపు కోరుతూ.
>
> నా భర్త శ్రీ …… (రిటైర్డ్ ……) మీ కార్యాలయం ద్వారా పెన్షన్ పొందుతూ ……వ తేదీన మరణించారు. పీపీవోలో భార్యగా పేరు నమోదైనది నేనే. నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మరణించిన మరుసటి రోజు నుంచి ఫ్యామిలీ పెన్షన్‌ను నా ఖాతా నం. …… లో జమ చేయగలరు. ఆయనకు మరణించిన తేదీ వరకు రావలసిన బకాయి ఉంటే ఇప్పించగలరు. ఆ తేదీ తర్వాతి కాలానికి ఆయన ఖాతాలో ఎక్కువగా జమ అయినది ఉంటే సర్దుబాటు చేసుకోవడానికి నా అంగీకారం.
>
> పీపీవోలో నా పేరు ……, ఆధార్‌లో ……. రెండూ నా పేర్లే. అఫిడవిట్ జతచేశాను.
>
> సంతకం / వేలిముద్ర, ఫోన్ నంబరు

దీనికి పీపీవో అసలు కాపీ, మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు జత చేశాం. అమ్మకు విడిగా ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి.

ఇబ్బంది అంతా పేర్ల దగ్గరే వస్తుంది. మా అమ్మకు పీపీవోలో పొట్టి పేరు, అదీ ఇంటిపేరు లేకుండా. ఆధార్‌లో పూర్తి పేరు. కౌంటర్‌లో గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఆ రెండు పేర్ల మీదా పెన్నుతో గీత గీసి ఫైలు వెనక్కిచ్చాడు. స్టాంపు పేపరు మీద రెండు పేర్లూ రాయించి, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి ఇచ్చాక తీసుకున్నారు. కొన్నిచోట్ల తహసీల్దార్ దగ్గర నుంచి కూడా పత్రం అడుగుతారు, కనుక ముందే కనుక్కుని వెళ్లండి. మరణ ధ్రువపత్రంలో నాన్నగారి పేరు కూడా పీపీవోతో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడండి. తప్పుంటే దాన్ని ముందు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో సరిచేయించుకోవాలి. పీపీవోలో అమ్మ పేరే లేకపోతే (ఆయనకు ఆవిడ రెండో భార్య అయినప్పుడు ఇలా జరుగుతుంది) ట్రెజరీ తనంతట తాను ఇవ్వలేదు. ఆయన చివరిగా పనిచేసిన ఆఫీసు ద్వారా కొత్తగా మంజూరు తెచ్చుకోవాలి.

ఆయన ఖాతాలో పడిన డబ్బు ఏటీఎంలో తీయకండి. ఉదాహరణకు మార్చి 12న చనిపోతే, ఆ రోజుతో కలిపి ఆయన పెన్షన్, 13 నుంచి అమ్మ ఫ్యామిలీ పెన్షన్. ట్రెజరీకి తెలియక నెలంతా జమ చేస్తే 13 నుంచి 31 వరకు ఉన్న 19 రోజుల సొమ్ము తిరిగి లెక్క చెప్పాల్సిందే. ఆ డబ్బు ఇంట్లో ఖర్చయిపోతే తర్వాత అమ్మ పెన్షన్‌లోంచి కోస్తారు. అందుకే మరణ ధ్రువపత్రం రాకముందే చనిపోయిన సంగతి కాగితం మీద రాసి ట్రెజరీకి ఇచ్చేయండి.

ఇక మొత్తం సంగతి. అంతా రాదు. మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి మూలవేతనంలో 30 శాతం. పూర్తి సర్వీసు ఉన్నవారి పెన్షన్ 50 శాతం కాబట్టి, లెక్క సులువు: మూలవేతనం 50 వేలైతే ఆయనకు 25 వేలు, ఆవిడకు 15 వేలు, దాని మీద కరువు భత్యం. తర్వాత పీఆర్సీలు వచ్చి ఉంటే పెరిగిన మొత్తం మీద చూసుకోవాలి. రిటైరైన కొద్ది ఏళ్లకే పోయినవారి భార్యలకు కొంతకాలం ఎక్కువ రేటు ఇస్తారు, కానీ 74 ఏళ్ల వయసుకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఆయన కమ్యూటేషన్ కింద పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకుని ఉన్నా, దాని కోత అమ్మ పెన్షన్‌కు వర్తించదు. ఎవరైనా కోస్తే అడగండి.

లేఖ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ వేసిన ముద్ర కొట్టించుకోండి. అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి, ఫొటోతో పోల్చి చూసి ఆవిడ ఎదుటే సంతకం పెట్టమంటారు.