సెక్రటరీ ఎన్‌ఓసీ ఆపేస్తే ఫ్లాటు అమ్మకం ఆగుతుందా?

"నెల్లూరులో ఫ్లాటు అమ్ముతున్నా. పెయింటింగు ఫండు కట్టలేదని సెక్రటరీ ఎన్‌ఓసీ ఇవ్వట్లేదు. రిజిస్ట్రేషన్ ఆగిపోతుందా?"

అన్నా, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మామూలుగా ఆ కాగితం అడగరు. అడిగేది కొనేవాళ్ళకు లోన్ ఇచ్చే బ్యాంకు. దర్గామిట్టలో మా ఫ్లాటు అమ్మినప్పుడు నాకూ ఇదే తంటా. మెయింటెనెన్స్ నెలకు 1,500 చొప్పున నాలుగు నెలలది, 6,000 నిజంగానే బాకీ. పెయింటింగుకు అడిగిన 15,000కి మాత్రం మీటింగులో తీర్మానమే లేదు. 6,000 కట్టేసి, రసీదు జతచేసి అర్జీ పెట్టా. తీర్మానం నకలు ఇమ్మని అందులోనే రాశా. రెండో కాపీ మీద 'అందినది' అని తేదీతో సంతకం పెట్టించుకున్నా. వారంలో ఎన్‌ఓసీ చేతికొచ్చింది. మీ మినిట్స్ బుక్కులో తీర్మానం ఉంటే మాత్రం కట్టెయ్యండి, వాదించి లాభం లేదు.

ఎన్‌ఓసీలో ఫ్లాటు నంబరు, ఏ నెల దాకా బాకీ లేదో, కార్పస్ ఫండు కొనేవాళ్ళ పేరుకు మారుతుందన్న మాట ఉండాలి. పార్కింగ్ నంబరు కూడా రాయించండి. మాకది లేక, కారు ఎక్కడ పెట్టాలని కొన్నాయన నాకు నెలరోజులు ఫోన్లు!

రిజిస్ట్రేషన్ అయ్యాక దస్తావేజు నకలు అసోసియేషన్‌కిచ్చి సభ్యత్వం మార్పించండి, లేకపోతే మెయింటెనెన్స్ బిల్లు మీ పేరునే వస్తుంటుంది. ఎస్‌పీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్చుకోవడం కొన్నవాళ్ళ పని.